తెలుగు వీడియోకి ఆటోమేటిక్ క్యాప్షన్లు ఎందుకు తప్పుతాయి? చేత్తో ఎలా సరిచేసుకోవాలి?

ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వైపు తెలుగులో వీడియోలు పెట్టేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్న ఇది: "మేము చెప్పింది ఒకటి, కింద అక్షరాల్లో పడేది ఇంకొకటి. ఏం చెయ్యాలి?" ప్రతిసారీ విడిగా జవాబు చెప్పడం కన్నా మొత్తం ఒకచోట రాస్తే పనికొస్తుందని ఇది రాస్తున్నాను. యూట్యూబ్‌నే ఉదాహరణగా తీసుకున్నాను. మీరు తయారు చేసే క్యాప్షన్ ఫైలు మాత్రం చాలాచోట్ల పనిచేస్తుంది.

తప్పులు ఎందుకు వస్తాయి

ఆటోమేటిక్ క్యాప్షన్ ముందు శబ్దాన్ని వింటుంది. ఆ శబ్దానికి సరిపోయే మాటలు రెండు మూడు దొరికితే, తనకు నేర్పిన తెలుగులో ఏది ఎక్కువసార్లు కనబడిందో దాన్ని ఎంచుకుంటుంది. మన తెలుగుకి ఇబ్బంది ఇక్కడే మొదలవుతుంది.

తెలుగులో ఒకే క్రియకు లెక్కలేనన్ని రూపాలు ఉంటాయి. తీసుకురండి, తీసుకురాకండి, తీసుకురావొద్దు, తీసుకొస్తేనే, తీసుకురాలేకపోతే, ఇలా ఎంతైనా పెరుగుతుంది. వీటిలో కొన్ని తరచుగా వినబడతాయి, కొన్ని అరుదు. యంత్రం తరచుగా వినబడేదాని వైపే మొగ్గుతుంది. పైగా తెలుగులో 'వద్దు' అనే అర్థం చాలాసార్లు విడి మాటగా ఉండదు, క్రియ మధ్యలో ఒక్క అక్షరంగా దూరిపోతుంది. "కొట్టండి", "కొట్టకండి" మధ్య తేడా ఒక్క 'క'. గాలి హోరులోనో, తొందరగా మాట్లాడటంలోనో ఆ 'క' మింగుడు పడిందంటే అర్థం తలకిందులైపోతుంది.

ఇక మన సరిహద్దు తెలుగు సంగతి. "ఏమిటి" అనకుండా "ఏటి" అంటాం, "చెప్తాను" అనకుండా "సెప్తాను" అంటాం. మధ్యలో తహసీల్, మండి, డిసిమిల్, లాంప్స్ లాంటి మాటలు వస్తాయి. భాష తెలుగు అని పెట్టాక, వినబడిన ప్రతి శబ్దాన్నీ ఏదో ఒక తెలుగు మాటలో ఇరికించాలని చూస్తుంది కాబట్టి ఒడియా మాటలు చిత్రంగా మారిపోతాయి. ఊళ్ళ పేర్లూ అంతే.

కారణాల గురించి ఇంతకన్నా తెలుసుకోనవసరం లేదు. ఒక్కటి మాత్రం గుర్తు పెట్టుకోండి: వద్దు అని చెప్పే మాటలు, అంకెలు, పేర్లు. ఈ మూడు రకాల్లో వచ్చే తప్పే చూసేవాళ్ళకి నష్టం చేస్తుంది. మిగతా అక్షర దోషాలు చికాకు పెడతాయి గానీ దారి తప్పించవు. టైము తక్కువ ఉంటే ముందు ఈ మూడే సరిచెయ్యండి.

కావాల్సినవి

- కంప్యూటర్ గానీ ల్యాప్‌టాప్ గానీ. ఫోన్ మాత్రమే ఉంటే, బ్రౌజర్‌లో డెస్క్‌టాప్ సైట్ ఆన్ చేసి studio.youtube.com తెరవండి. పని అవుతుంది కానీ తెర చిన్నది కాబట్టి ఓపిక కావాలి.
- హెడ్‌ఫోన్. స్పీకర్‌లో వింటే ఆ 'క' మీకూ వినబడకపోవచ్చు.
- యూనికోడ్‌లో తెలుగు టైప్ చేసే వీలు. ఫోన్‌లో జీబోర్డ్, విండోస్‌లో దాంతోపాటే వచ్చే తెలుగు కీబోర్డ్ చాలు.
- వీడియోలో వచ్చే ఊళ్ళ పేర్లు, ఆఫీసుల పేర్లు, మందుల పేర్లు సరైన స్పెల్లింగుతో రాసుకున్న ఒక కాగితం.

డీటీపీ సెంటర్లో టైప్ చేయించాలనుకునే వాళ్ళకి ఒక హెచ్చరిక. అక్కడ పెళ్ళి కార్డులకీ కరపత్రాలకీ వాడే అను ఫాంట్లు యూనికోడ్ కావు. వాళ్ళ తెర మీద చక్కగా కనబడిన తెలుగు, మీరు క్యాప్షన్‌లో పేస్ట్ చేసేసరికి ఇంగ్లీష్ అక్షరాలు, గుర్తుల గందరగోళంగా మారిపోతుంది. "యూనికోడ్‌లోనే కావాలి" అని ముందే చెప్పండి. ఇచ్చిన ఫైల్లోంచి ఒక వాక్యం కాపీ చేసి వాట్సాప్‌లో మీకే పంపుకోండి. అక్కడ తెలుగుగానే కనబడితే పనికొస్తుంది.

అలవాటు పడేదాకా ఒక నిమిషం వీడియోకి పది నిమిషాల పని అనుకోండి. మొదటిసారి అరగంట వీడియోతో మొదలుపెట్టకండి.

ఉదాహరణకు ఒక వీడియో

గుణుపురం దగ్గర ఒకాయన ధాన్యం అమ్మకాల గురించి వీడియో పెట్టాడనుకోండి. ఆయన మాట ఇది:

"బాబూ, తడి ధాన్యం మండికి తీసుకురాకండి. తేమ పదిహేడు శాతం దాటితే లాంప్స్ వాళ్ళు తూకం వెయ్యరు. మీ టోకెన్ మీద ఏ తారీఖు ఉందో ఆ తారీఖునే రండి. ఆ తారీఖు దాటిపోతే ఏటి చెయ్యాలో సెప్తాను."

ఇలాంటి మాటకి ఆటోమేటిక్ క్యాప్షన్ సాధారణంగా ఈ తీరులో వస్తుంది:

"బాబు తడి ధాన్యం మండికి తీసుకురండి తేమ పదిహేను శాతం దాటితే ల్యాంప్ వాళ్ళు తూకం వేయరు మీ టోకెన్ మీద ఏ తారీకు ఉందో ఆ తారీకు నే రండి ఆ తారీకు దాటిపోతే ఏటి చేయాలో శాతాను"

చదవడానికి తెలుగులాగే ఉంది. అందుకే ప్రమాదం. తడి ధాన్యం తేవొద్దన్న మాట తెమ్మన్నట్టు మారింది. ప్రభుత్వ కొనుగోలుకి ధాన్యంలో తేమ హద్దు 17 శాతం, ఇక్కడ అది 15 అయిపోయింది. పదిహేడు, పదిహేను వినడానికి దగ్గరగా ఉండే మాటలు కాబట్టి ఈ తప్పు తరచుగా జరుగుతుంది. లాంప్స్ అంటే ఊళ్ళోని సహకార సంఘం, అది కాస్తా దీపమైంది. "తారీకు నే రండి", "శాతాను" చూడటానికి బాగోలేవు, అయినా వాటివల్ల ఎవరూ నష్టపోరు. ముందు సరిచెయ్యాల్సినవి మొదటి మూడూ.

ఎలా చెయ్యాలి

1. ముందు వీడియో భాష సరిచూడండి. స్టూడియోలో వీడియో తెరిచి, Details పేజీలో Show more నొక్కి కిందకి వెళ్తే Video language ఉంటుంది. మనవైపు చాలామందికి అది ఇంగ్లీషో హిందీయో అయి ఉంటుంది. తెలుగు మాటని ఇంగ్లీష్ అనుకుని వింటే వచ్చే క్యాప్షన్‌ని సరిచెయ్యడం దండగ. Telugu అని మార్చి సేవ్ చెయ్యండి.

2. తెర చూడకుండా వీడియో ఒకసారి మొత్తం వినండి. కాగితం మీద మూడు గడులు గీసుకుని, వద్దు అని చెప్పిన మాటలు, అంకెలు, పేర్లు వచ్చిన చోటల్లా టైము రాసుకోండి. "0:04 తీసుకురాకండి, 0:06 పదిహేడు, 0:07 లాంప్స్" అని రాస్తే చాలు. ఈ మెట్టు దాటెయ్యకండి. తెర మీద తప్పు మాట చదువుతూ వింటే చెవికి కూడా ఆ తప్పే వినబడుతుంది. కాగితం ఉంటే మోసపోరు.

3. ఎడమవైపు మెనూలో Subtitles గానీ Languages గానీ, ఏది కనబడితే అది నొక్కి మీ వీడియో ఎంచుకోండి. Telugu (Automatic) అనే వరస ఉంటే దాన్ని తెరిచి Duplicate and edit నొక్కండి. టైమింగుతో సహా ఆ రాత అంతా దిద్దుకోవడానికి వస్తుంది. ఆ వరస లేకపోతే Add language నొక్కి Telugu ఎంచుకుని, Subtitles కింద Add నొక్కండి. అప్పుడు ఫైలు ఎక్కించడం, Auto-sync, Type manually అనే దారులు కనబడతాయి.

4. ఏ దారి పట్టాలో చెప్తాను. ఆటోమేటిక్ రాతలో వాక్యానికి ఒకటి రెండు తప్పులే ఉంటే దిద్దుకోండి. ప్రతి వాక్యంలో సగం మాటలు తప్పైతే దిద్దకండి, మొదట్నుంచి రాసుకోండి, అదే తొందరగా అవుతుంది. మాట స్పష్టంగా ఉండి మొత్తం రాత ముందే సిద్ధంగా ఉంటే Auto-sync వాడి చూడండి: రాత అంతా పేస్ట్ చేస్తే టైములు అదే పెడుతుంది. ఒక క్యాప్షన్ ఎక్కడ ఆగాలో చెప్పడానికి అక్కడ ఒక ఖాళీ లైను వదలండి. గంట దాటిన వీడియోకీ, వెనక మైకు గోల ఉన్నదానికీ ఇది సరిగా కుదరదు.

5. Type manually లో చేస్తే మౌస్ పక్కన పెట్టి కీబోర్డ్ వాడండి. Shift + Space నొక్కితే వీడియో ఆగుతుంది, మళ్ళీ నొక్కితే నడుస్తుంది. Shift + ఎడమ బాణం ఒక సెకను వెనక్కి తీసుకెళ్తుంది. Enter నొక్కితే కొత్త క్యాప్షన్, Shift + Enter నొక్కితే అదే క్యాప్షన్‌లో రెండో లైను. ఈ నాలుగూ వేళ్ళకి అలవాటైతే పని సగం తగ్గుతుంది.

6. ఒక క్యాప్షన్‌లో రెండు లైన్లు మించకూడదు. లైనుకి ఐదారు మాటలు చాలు. ఒక్కో క్యాప్షన్ కనీసం ఒక సెకను, ఎక్కువలో ఎక్కువ ఆరేడు సెకన్లు ఉండాలి. తెలుగులో క్రియ చివర వస్తుంది, వద్దో కావాలో అక్కడే తేలుతుంది. కాబట్టి వాక్యం ఎక్కడ విరిచినా క్రియని దాని వాక్యం నుంచి విడదియ్యకండి. "తడి ధాన్యం మండికి" అని ఒక క్యాప్షన్, రెండు సెకన్ల తర్వాత "తీసుకురాకండి" అని ఇంకొకటి పెడితే, చదివేవాళ్ళు మొదటి ముక్క చూసి తీసుకెళ్ళాలేమో అనుకుంటారు.

7. అంకెలు అంకెల్లోనే రాయండి. "పదిహేడు శాతం" కన్నా "17 శాతం" తొందరగా చదవచ్చు, పొరబాటు కూడా వెంటనే కంటబడుతుంది.

8. Publish నొక్కండి. తర్వాత పాత Telugu (Automatic) వరస ఇంకా కనబడుతుంటే దాని పక్కన మూడు చుక్కలు నొక్కి Unpublish చెయ్యండి. అది అలాగే ఉంటే చూసేవాళ్ళు మెనూలో తప్పు క్యాప్షన్‌ని ఎంచుకునే ప్రమాదం ఉంది.

మన యాస ఎలా రాయాలి

ఇది చాలామంది అడుగుతారు. నా అభిప్రాయం సూటిగా చెప్తాను: మాటని మార్చకండి. ఆయన "ఏటి చెయ్యాలో" అంటే "ఏమి చేయవలెనో" అని దిద్దకండి. "డిసిమిల్" అంటే "సెంటు" అని మార్చకండి. రెండూ ఎకరంలో నూరో వంతే అయినా, ఒడిశా భూమి కాగితంలో ఆయన చూసేది డిసిమిలే. క్యాప్షన్ చెవి వినబడని మనిషికి గొంతు బదులు ఉండేది. పెదవులు ఒకటి చెప్పి అక్షరాలు ఇంకొకటి చెప్తే వాళ్ళకే ఇబ్బంది.

ఉచ్చారణ ఒక్కదాని దగ్గర కాస్త సడలింపు ఇస్తాను. "సెప్తాను" లాంటివి మీ వాళ్ళు సులువుగా చదవగలిగితే అలాగే ఉంచండి. గోదావరి అవతల వాళ్ళు కూడా చూస్తారనుకుంటే "చెప్తాను" అని రాయండి. ఏది ఎంచుకున్నా వీడియో అంతా అదే పాటించండి.

చేతిలో ఫైలు ఉంటే మంచిది

యూట్యూబ్ లోపలే టైప్ చేసిన రాతని దింపుకోకపోతే అది అక్కడే ఉండిపోతుంది. అదే వీడియో వేరేచోట పెట్టాలన్నా, పోతే మళ్ళీ ఎక్కించాలన్నా ఒక ఎస్సార్టీ ఫైలు మీ దగ్గర ఉండాలి. అది మామూలు నోట్‌ప్యాడ్ ఫైలే. పై ఉదాహరణకి ఇలా ఉంటుంది:

```
1
00:00:02,000 --> 00:00:05,200
బాబూ, తడి ధాన్యం
మండికి తీసుకురాకండి.

2
00:00:05,400 --> 00:00:09,600
తేమ 17 శాతం దాటితే
లాంప్స్ వాళ్ళు తూకం వెయ్యరు.

3
00:00:09,800 --> 00:00:13,500
మీ టోకెన్ మీద ఏ తారీఖు ఉందో
ఆ తారీఖునే రండి.
```

వరస సంఖ్య, టైము, రాత, ఒక ఖాళీ లైను. అంతే. సెకన్ల తర్వాత కామా ఉండాలి, చుక్క కాదు. బాణంలో రెండు అడ్డగీతలు, ఇరువైపులా ఒక్కో ఖాళీ. ఒక క్యాప్షన్ అయిపోయాక ఖాళీ లైను మర్చిపోతే, తర్వాతి సంఖ్యా టైమూ కూడా తెర మీద రాతలాగా పడిపోతాయి.

సేవ్ చేసేటప్పుడు రెండు పొరబాట్లు ఎక్కువగా జరుగుతాయి. ఒకటి, పేరు. Save as type లో All files ఎంచుకుని mandi.srt అని పేరు పెట్టండి. లేకపోతే అది mandi.srt.txt అవుతుంది, ఎక్కించబోతే తీసుకోదు. రెండోది, Encoding. అక్కడ UTF-8 ఉండాలి. ANSI ఉంటే తెలుగంతా ప్రశ్న గుర్తులుగా మారి సేవ్ అవుతుంది. ఫైలు మూసేశాక ఆ అక్షరాలు మళ్ళీ రావు. కాబట్టి మూసేముందే చూసుకోండి.

ఎక్కించేటప్పుడు Upload file, తర్వాత With timing ఎంచుకోండి. చేత్తో టైములు కొట్టడం కష్టమనిపిస్తే సబ్‌టైటిల్ ఎడిట్ అనే ఉచిత ప్రోగ్రామ్ విండోస్‌లో పెట్టుకోండి. అందులో శబ్దం అలలుగా కనబడుతుంది. మాట మొదలైన చోటా ముగిసిన చోటా గుర్తు పెడితే టైము అదే వేస్తుంది.

వాట్సాప్‌లో పంపాలంటే

ఊళ్ళల్లో వీడియోలు ఎక్కువగా తిరిగేది వాట్సాప్‌లోనే, ఎస్సార్టీ ఫైలు వీడియోతో పాటు వెళ్ళదు. కాబట్టి అక్షరాలని బొమ్మ మీదే అచ్చు వెయ్యాలి. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో Subtitles పేజీలో మీ ఫైలు ఎక్కించి Burn In టిక్ పెడితే అయిపోతుంది. కమాండ్ అలవాటున్నవాళ్ళకి ఇది:

```
ffmpeg -i mandi.mp4 -vf "subtitles=mandi.srt:force_style='FontName=Nirmala UI,FontSize=20'" -c:a copy mandi_te.mp4
```

అచ్చు వేసిన వెంటనే వత్తులు చూడండి. "వెయ్యరు", "వాళ్ళు" లాంటి మాటల్లో వత్తు కిందికి సరిగ్గా దిగిందా, లేక పొల్లు హల్లు పక్కన ఇంకో అక్షరంగా విడిపోయిందా? ఫోన్లో వాడే కొన్ని ఎడిటింగ్ యాప్‌లు తెలుగు వత్తుల్ని ఇలాగే విడగొడతాయి. విడిపోతే ఫాంట్ మార్చి చూడండి, అప్పటికీ కుదరకపోతే ఆ యాప్ వదిలెయ్యండి. అచ్చు వేశాక తప్పు దిద్దడానికి ఉండదు, మొత్తం మళ్ళీ తయారు చెయ్యాలి. కాబట్టి కింద చెప్పిన పరీక్షలన్నీ ముందే చేసుకోండి.

తెలుగు మాట్లాడతారు గానీ చదవలేరు

మన జిల్లాల్లో ఇది పెద్ద సంగతి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. అలా చదువుకున్న పిల్లలకి తెలుగు క్యాప్షన్ పెట్టినా ప్రయోజనం ఉండదు. వాళ్ళ కోసం రెండు దారులు ఉన్నాయి.

మొదటిది, ఒడియా అనువాదం. తెలుగు రాత పూర్తిగా సరిచేశాకే దాన్నుంచి ఒడియా చేయించండి. తప్పు తెలుగులోంచి ఆటోమేటిక్‌గా అనువాదం చేయిస్తే "తడి ధాన్యం తీసుకురండి" అన్నది శుభ్రమైన ఒడియాలో వస్తుంది, అప్పుడు తప్పు పట్టుకోవడం ఇంకా కష్టం.

రెండోది, మాట తెలుగే ఉంచి అక్షరాలు మాత్రం ఒడియావి వాడటం. అక్షరముఖ అనే ఉచిత వెబ్‌సైట్‌లో తెలుగు రాత పేస్ట్ చేస్తే ఒడియా లిపిలోకి మారుస్తుంది. ఒకటి గమనించండి: ఒడియా లిపిలో ఎ, ఏ లకీ ఒ, ఓ లకీ వేరువేరు అక్షరాలు లేవు. నెల, నేల రెండూ ఒకేలా కనబడతాయి. పొలం గురించిన వీడియోలో ఇది ఇబ్బందే, కాబట్టి అలాంటి చోట పక్కన ఇంకో మాట చేర్చండి. ఈ ఫైలుని యూట్యూబ్‌లో Odia కింద ఎక్కించాల్సి వస్తుంది, అందువల్ల 'ఒడియా అక్షరాల్లో తెలుగు' అని వీడియో వివరణలో రాసి పెట్టండి.

సరిగ్గా వచ్చిందో లేదో ఎలా చూడాలి

ముందు మీ కాగితం తీసి, రాసుకున్న ప్రతి టైము దగ్గరా క్యాప్షన్ చూడండి. ఉదాహరణలో 0:04 దగ్గర "రాకండి" ఉందా, 0:06 దగ్గర 17 ఉందా? తర్వాత ఫైల్లో Ctrl + F నొక్కి "కండి" అని వెతకండి. ఆపైన "వద్దు", "లేదు", "కాదు", "కూడదు". మీ కాగితం మీద ఇలాంటివి ఏడుంటే ఫైల్లోనూ ఏడు దొరకాలి. "వెయ్యరు", "తీసుకోరు" లాంటివి ఈ వెతుకులాటలో దొరకవు, వాటిని టైము చూసే సరిచూసుకోవాలి.

టైమింగుకి వీఎల్‌సీ ప్లేయర్ వాడండి. వీడియో, ఎస్సార్టీ ఒకే ఫోల్డర్లో ఒకే పేరుతో ఉంటే క్యాప్షన్ తనంతట తనే వస్తుంది. రాత అంతా ఒకే తేడాతో ముందుకో వెనక్కో ఉంటే G, H కీలు నొక్కి ఎంత తేడా ఉందో తెలుసుకోండి, ఆ అంకె సబ్‌టైటిల్ ఎడిట్‌లో ఇచ్చి మొత్తాన్ని జరపండి. మొదట్లో సరిగ్గా ఉండి, ఒక చోటు నుంచి తేడా వచ్చి చివరిదాకా అలాగే ఉంటే, మీరు టైమింగ్ పెట్టిన వీడియో, ఎక్కించిన వీడియో ఒకటి కావు. మధ్యలో ఎక్కడో ఒక ముక్క కత్తిరించి ఉంటారు. అలాంటప్పుడు మొత్తాన్ని జరపడం కుదరదు, కత్తిరించిన చోటు నుంచి మళ్ళీ టైమింగ్ పెట్టాలి.

ఆఖరుగా, ఈ విషయం ముందు తెలియని ఒకరి చేతికి ఫోన్ ఇచ్చి, సౌండ్ పూర్తిగా తీసేసి చూపించండి. "అర్థమైందా" అని అడగకండి, ఎవరైనా అర్థమైందనే అంటారు. "తేమ ఎంత ఉండొచ్చు? టోకెన్ తారీఖు కన్నా ముందు రోజు వెళ్ళొచ్చా?" అని అడగండి. జవాబు తడబడిన చోట ఆ క్యాప్షన్ దగ్గరికి వెళ్ళి చూడండి: మాట తప్పై ఉంటుంది, లేదా చదివేలోగా మాయమై ఉంటుంది. మొదటిదైతే మాట దిద్దండి, రెండోదైతే ఆ క్యాప్షన్‌కి ఇంకో సెకను చేర్చి మళ్ళీ ఎక్కించండి.